ఏ నీళ్లు తాగమంటారు?

గౌరవనీయులైన ఇంజనీరు గారికి, నల్గొండ నీటి పరీక్ష ల్యాబ్ మిత్రులకు, మండలాల నుంచి శ్రమపడి వచ్చిన పంపు ఆపరేటర్లకు, మా ఇంటివాళ్లకు నమస్కారం.

నా ఈ వీడ్కోలు సభలో ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లు నన్ను చాలా పొగిడారు. అందులో సగానికి పైగా ఇతరులకు చెందాల్సింది ఉంది. అది ఇచ్చేసి వెళ్తాను. మొదటి వాటా మా అటెండర్ అన్నది. సీసా శుభ్రంగా లేకపోతే ఎంత ఖరీదైన మీటరు ఉన్నా దండగే. ఆయన ప్రతి సీసానూ కడిగి, బోర్లించి ఆరబెట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాకే అలమరలో పెట్టేవారు. రెండో వాటా మా జీపు డ్రైవర్ తమ్ముడిది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దారుల్లో ఏ బోరు ఏ చింతచెట్టు పక్కన ఉందో రిజిస్టర్ కన్నా ఆయనకే బాగా తెలుసు. సీసాల క్రేట్లతో ఊళ్లోకి వెళ్తే పిల్లలు సోడా బండి అనుకుని వెంటపడేవారు. "సోడా కాదు నాయనా, మీ ఊరి నీళ్లే" అంటే ఒక బుడతడు "మా నీళ్లు మాకే అమ్ముతారా?" అని నిలదీశాడు. డ్రైవర్ నవ్వు ఆపుకోలేక జీపు పక్కకు ఆపాల్సి వచ్చింది.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే పిల్లలకు ఒక్క సంగతి చెప్పాలని ఉంది. అది నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఒక పెద్దమ్మ నేర్పింది.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. నీరు ఆవిరైపోతే మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. అందుకే నీళ్లలో అది ఎక్కువగా ఉంది, తాగొద్దంటే జనం నమ్మరు. ఆ పెద్దమ్మ కూడా నమ్మలేదు. "పుట్టిన కాడి నుంచి తాగుతున్నాం, కొబ్బరినీళ్ల లెక్క ఉంటాయి. సీసాలో చూసి వంక పెడతావా బిడ్డా?" అంది. ఏదో పని మీద నల్గొండ వచ్చినప్పుడు ల్యాబ్‌కు తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఒక నాళికలో డిస్టిల్డ్ వాటర్, ఇంకొకదాంట్లో వాళ్ల బోరు నీళ్లు తీసుకుని, రెండింటిలోనూ ఫ్లోరైడ్ తగిలితే రంగు వెలిసే ఎర్రటి స్పాడ్న్స్ ద్రావణం కలిపాను. మొదటిది ఎర్రగానే ఉంది. రెండోదాని రంగు వెలిసిపోయింది. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసి, "సరే, ఇవి తాగొద్దు. మరి ఏ నీళ్లు తాగమంటావు?" అని అడిగింది.

నా ఉద్యోగంలో ఇంత సూటి ప్రశ్న ఏ అధికారీ అడగలేదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు అని మన ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకె పక్కన రాసి, పంపుకు ఎర్ర రంగు వేసి వచ్చేస్తే మన పని అయిపోయినట్టే కాగితం మీద కనిపిస్తుంది. ఆమె బిందె మాత్రం ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు నుంచి తాగొద్దని చెప్పడానికి వెళ్లే ముందు, ఆ ఊళ్లో తాగదగిన నీరు ఎక్కడుందో కనుక్కుని వెళ్లడం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే నాగపూర్ పరిశోధన సంస్థ నీరీ వారి పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. ఆ పేరు నిలబెట్టే బాధ్యత కూడా మనదే కదా!

ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వస్తున్నాయి. మన పరీక్షలూ మారాయి. నల్లా నీళ్లు క్లోరిన్ మందు వాసన వస్తున్నాయని ఫోన్ చేస్తే విసుక్కోకండి. ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి ఇంటి నల్లా దగ్గర క్లోరిన్ చూడండి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉంటేనే దారిలో నీళ్లకు రక్షణ ఉన్నట్టు. నమూనా తీసుకున్న చోటే సీసా మీద పేరు రాయండి. జీపులో రాద్దాం అనుకుంటే మూడో ఊరికి అన్ని సీసాలూ కవలపిల్లలే. మీటరు కొలవగలిగే హద్దు దాటితే అంచనాగా రాయకండి, నీళ్లు పలచన చేసి మళ్లీ చూడండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరి కొంపా మునగదు.

డిస్టిల్డ్ వాటర్ విషయం కూడా చెప్పాలి. స్కూటర్ బ్యాటరీ ఎండిపోయిన ప్రతి ఆఫీసువారికీ మన ల్యాబ్ గుర్తొస్తుంది. మర్యాదగా టీ ఇవ్వండి, నీళ్లు మాత్రం ఇవ్వకండి.

మా ఆవిడ ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో కూడా నన్ను బోరు పంపు దగ్గర వెతికి పట్టుకుంది. ఆమెకు నా కృతజ్ఞతలు అందరి ముందూ చెబుతున్నాను. నా బోర్ల నోటుబుక్కు పెద్ద టేబుల్ సొరుగులో ఉంది, ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగదగ్గవో అందులో రాసి పెట్టాను. కొత్తగా వచ్చిన అమ్మాయి దాన్ని తీసుకుని, తను చూసినవి కలుపుకుంటూ పోవాలని కోరుతున్నాను. అనుమానం వస్తే ఫోన్ చేయండి, ఆదివారమైనా ఎత్తుతాను.

పదండి, భోజనాలకు వెళ్దాం. వంటవాళ్లు అప్పటి నుంచి తొంగి చూస్తున్నారు.