క్లయింట్ కాల్స్‌కి హెడ్‌సెట్లు, వెబ్‌క్యామ్‌లు కావాలి మేడమ్, ఈ క్వార్టర్‌లోనే బడ్జెట్ ఇప్పించండి

మేడమ్, నమస్తే.

నిన్న కాల్ అయ్యాక మీతో నేరుగానే మాట్లాడదామనుకున్నాను గానీ మీరు వెంటనే ఇంకో మీటింగ్‌కి వెళ్లిపోయారు, అందుకే రాస్తున్నాను. మా నలుగురికీ వైరు ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్లు నాలుగు, డెమోలు చేసే నాకూ కిరణ్‌కీ వెబ్‌క్యామ్‌లు రెండు కావాలి.

పోయిన నెల ఏం జరిగిందో మీకు తెలుసు. క్లయింట్ ఎఫ్ 12 స్క్రీన్ మార్చమంటే నేను ఎస్ 12 అని రాసుకున్నాను, కిరణ్ రెండు రోజులు కూర్చుని ఎవరూ అడగని స్క్రీన్ మార్చాడు. మీరు ఒక్క మాట కూడా అనలేదు, కానీ నాకు మాత్రం ఆ బాధ పోలేదు. తర్వాత కాల్ రికార్డింగ్ పెట్టుకుని విన్నాను. అందులో ఆయన ఎఫ్ అన్నది స్పష్టంగానే ఉంది. తేడా వచ్చింది నా చెవిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌బడ్స్ దగ్గర. వాటిలో పాటలు చక్కగా వినిపిస్తాయి, కానీ కాల్‌లో మైక్ ఆన్ అవ్వగానే అవి వేరే మోడ్‌కి మారిపోతాయి, ఇక అక్కడి నుంచి వచ్చేది పాత ఫోన్ లైన్ లాంటి శబ్దం. నా ఇయర్‌బడ్స్‌లో ఆ మోడ్ శాంప్లింగ్ 8 కిలోహెర్ట్జ్, అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం ఏదీ నాకు చేరదు. ఎఫ్‌నీ ఎస్‌నీ వేరుగా గుర్తుపట్టేది చాలావరకు ఆ పైభాగంతోనే. వైరు హెడ్‌సెట్ అని పట్టుబడుతున్నది అందుకే.

అటువైపు వాళ్లకి ఇంకా కష్టం. ఇయర్‌బడ్స్ వదిలేసి ల్యాప్‌టాప్ మైక్‌తో మాట్లాడితే, అది కీబోర్డ్ పక్కనే ఉంటుంది కాబట్టి నేను నోట్స్ టైప్ చేస్తుంటే ఆ టకటకే ముందు వినిపిస్తుంది, మీటింగ్ రూమ్ దొరకని రోజైతే వెనక సీట్ల వాళ్ల మాటలు కూడా కలుస్తాయి. మొన్న 40 నిమిషాల కాల్‌లో "మళ్లీ చెప్తారా" అని ఏడుసార్లు అడిగారు, నేనే లెక్కపెట్టాను. వాళ్లు మర్యాదగానే అడిగారు గానీ, డెలివరీ తేదీ గురించి ఒప్పించాల్సిన చోట ఒకే మాట మూడుసార్లు చెప్పేసరికి నా గొంతులో ఉన్న నమ్మకం కాస్తా పోయింది.

కొనకుండా గడుస్తుందేమో అని అన్నీ చూశాను మేడమ్. వైఫై వదిలేసి కేబుల్ పెట్టాను, వెనక కిటికీ ఉండకుండా సీటు మార్చుకున్నాను, సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆన్ చేస్తే టకటకతో పాటు నా మాటల చివర్లు కూడా తినేసింది. ఆఖరికి టెస్టింగ్ టీమ్ దగ్గర నోటి దాకా మైక్ వచ్చే హెడ్‌సెట్ ఒకటి వారం రోజులు అడిగి తెచ్చుకున్నాను. ఆ వారం మూడు కాల్స్ జరిగితే మళ్లీ చెప్పమని ఒక్కసారే అడిగారు.

ఒక సంగతి, పర్చేజ్ వాళ్లు నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోమంటారు. చాలా హెడ్‌సెట్ల పెట్టెల మీద ఉండే ఆ మాట మన చెవికి బయటి గోల తగ్గించడం గురించి, మనకి కావలసింది మైక్ వైపు గోల తగ్గడం. ఆ రెండూ వేరు, చూసి కొనకపోతే డబ్బు పోతుంది, సమస్య అలాగే ఉంటుంది. మ్యూట్ బటన్ వైరు మీదే ఉండాలి, గంటన్నర పెట్టుకున్నా చెవులు నొప్పెట్టకూడదు.

వెబ్‌క్యామ్ సంగతికొస్తే, మా ల్యాప్‌టాప్‌లది 720పి, సెన్సర్ చాలా చిన్నది, సాయంత్రం కాల్స్‌లో మొహం అంతా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. కొత్త క్లయింట్ మమ్మల్ని ఇంతవరకు కలవలేదు, వాళ్లకి మేమంటే ఆ బొమ్మే. 4కె అడగట్లేదు, మన కాల్స్‌కి దాని అవసరం లేదు. 1080పి, సెకనుకి 30 ఫ్రేములు, తక్కువ వెలుతురులో కూడా సరిగ్గా పనిచేసేది అయితే చాలు.

రెండూ ఒకేసారి కుదరదంటే హెడ్‌సెట్లే ముందు ఇప్పించండి, వెబ్‌క్యామ్‌లు వచ్చే క్వార్టర్‌కి చూద్దాం. బొమ్మ మసకగా ఉన్నా కాల్ నడుస్తుంది, మాట వినపడకపోతే నడవదు. కొటేషన్లు మూడు జత చేశాను. ఇవి మా పేర్ల మీద కాకుండా టీమ్ పేరు మీద అసెట్ లిస్ట్‌లో ఎక్కించమనండి, రేపు ఎవరు ప్రాజెక్ట్ మారినా ఇక్కడే ఉంటాయి.

18న రిలీజ్ రివ్యూ ఉంది, క్లయింట్ వైపు నుంచి డైరెక్టర్ కూడా వస్తున్నారు. 15 కల్లా హెడ్‌సెట్లు చేతికొస్తే రెండు రోజులు వాడి చూసుకుంటాం, ఆ రోజు టెన్షన్ ఉండదు. రేపు మధ్యాహ్నం మీకు కాస్త ఖాళీ ఉంటే మామూలు కాల్ రికార్డింగ్, ఆ అడిగి తెచ్చిన హెడ్‌సెట్‌తో చేసినది, రెండూ పక్కపక్కన వినిపిస్తాను. రెండు నిమిషాలు చాలు.

ఉంటాను మేడమ్,
రమ్య