కప్పు ఖర్చు

నేహా మెసేజ్ పొద్దున్నే పద్మ ఫోన్‌కి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. తొందరలో ఉంటే తోడికోడలు అలాగే రాస్తుంది.

"దీదీ, ఛత్ కే ఖర్చే కా అనుమాన్ భేజ్ దీజియే. ఉస్‌కే బినా లోన్ పాస్ నహీ హోగా. మురళీ భీ యహీ కహ్ రహే థే."

పద్మకి తెలిసిన మాటలు కొన్నే: ఖర్చు, అనుమానం, మురళి. ఆ మూడూ ఒకేచోట కనబడేసరికి గుండెల్లో రాయి పడింది. అన్నయ్య సత్యం ఎప్పుడో రాష్ట్రభాష పరీక్ష పాసయ్యాడు కదా అని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

సత్యం రెండుసార్లు చదివాడు. "కప్పు ఖర్చు మీద అనుమానంగా ఉందట. అది తీరందే లోను పాసవదట. మురళి కూడా ఇదే అంటున్నాడట."

పద్మ భర్త శేషగిరి పేపరు పక్కన పెట్టేశాడు. "వాడు కూడానా?"

అమ్మతో పాటు పాతింట్లో ఉంటూ ఆ స్లాబుతో వేగుతున్నది ఆయనే. వంటింటి పైన పెచ్చులూడి చువ్వలు బయటపడితే మేస్త్రీ చేత తుప్పు గీకించి, అతుకు వేయించాడు. వానాకాలం రాగానే మళ్ళీ కారింది. పైన పిట్టగోడ మూల నీళ్ళు నిలుస్తున్నంత కాలం కింద ఎన్ని అతుకులు వేసినా అంతే. అందుకే ఈసారి పైకప్పు మొత్తం చేయిద్దామనీ, నేహా పేరు మీద లోను తీసుకుందామనీ అన్నదమ్ములు అనుకున్నారు. అడుగుదామంటే మురళి ఓడ మీద ఉన్నాడు, రేవు చేరేదాకా ఫోన్ కలవదు.

శేషగిరి బీరువాలోంచి అతుకు పని బిల్లులన్నీ తీశాడు. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి, చివరికి ఇనుప బ్రష్షు రసీదు కూడా. అన్నిటికీ ఫోటోలు తీసి పంపాడు. కింద తెలుగులో రెండు వాక్యాలు చేర్చాడు: "నా లెక్క మీద నమ్మకం లేనివాళ్ళతో నాకు పని లేదు. మీ ఇల్లు మీరే చూసుకోండి."

నేహాకి తెలుగు చదవడం రాదు. ముందు నమస్కారం బొమ్మ వచ్చింది. వెనకే ఇంకో మెసేజ్: "పురానే బిల్ నహీ, అనుమాన్ చాహియే."

సత్యం గొంతు సవరించుకున్నాడు. "పాత బిల్లులు వద్దట. అనుమానమే..." అక్కడ ఆగిపోయాడు.

"ఆ ఆఖరి మాటేమిటి సత్యం?" అంది అమ్మ మంచం మీంచి. మధ్యాహ్నాలు హిందీ సీరియళ్ళు చూడటం ఆవిడకి అలవాటు.

"చాహియే. కావాలి అని అత్తయ్యగారూ."

"అనుమానం కావాలని ఎవరైనా అడుగుతారా? పొద్దున భేజ్ అని కూడా చదివావు. అంటే పంపమనే కదా? సీరియల్లో కోడలి మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ అత్తగారు 'శక్' అంటుంది. అనుమాన్ అనగా నేనెప్పుడూ వినలేదు. ఆ పిల్లకే ఫోన్ చెయ్యండర్రా."

పద్మ స్పీకర్ పెట్టింది. అమ్మ ముందే చెప్పింది, ఎవరూ మధ్యలో అందుకోవద్దని. నేహా హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పుకుంటూ పోయింది: బ్యాంకు వాళ్ళకి పని మొదలు కాకముందు రాసిచ్చే కాగితం కావాలి, ఎన్ని చదరపు అడుగులు, ఏమేం పనులు, దేనికెంత, మొత్తం ఎంత, కింద మేస్త్రీ సంతకం. అయిపోయిన పని బిల్లులు వాళ్ళు తీసుకోరు.

"అంటే ఎస్టిమేటా?" అన్నాడు శేషగిరి.

"హా భయ్యా, ఎస్టిమేట్! అనుమాన్!"

సత్యం కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "హిందీలో అంచనాని అలాగే అంటారు. చదువుకున్నాను కూడా," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

సాయంత్రానికి మేస్త్రీ టేపుతో డాబా ఎక్కాడు. 30 అడుగుల పొడవు, 28 అడుగుల వెడల్పు, 840 చదరపు అడుగులు. వదులైన పాత పూత చెక్కెయ్యడం, పగుళ్ళు తెరిచి నింపడం, గోడ మొదట్లో మూల గుండ్రంగా తిప్పడం, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, దానిమీద నీళ్ళ గొట్టం వైపు వాలుగా ప్లాస్టరింగ్, చివర్న నీళ్ళు కట్టి రెండు రోజులు చూడటం. ఒక్కో పనికి ఒక్కో వరుస. శేషగిరి తన చేత్తోనే రాసి, పైన "ఎస్టిమేట్" అని పెట్టి కింద గీత గీశాడు.

నేహా వెంటనే జవాబిచ్చింది. బ్యాంకుకి ఇది చాలట. భయ్యా తెలుగులో రాసిన మెసేజ్ మాత్రం తనకి అర్థం కాలేదనీ, మురళి రేవు చేరగానే చదివించుకుంటాననీ రాసింది.

పద్మ చదివి వినిపించేలోపే శేషగిరి ఫోన్ లాక్కున్నాడు. "దీన్ని అందరికీ పోయేలా డిలీట్ చెయ్యడం ఎలాగే?"