వర్క్‌షీట్ 6: బట్టల షాపు మాటలు, తెలుగు – ఇంగ్లీషు

సాయంత్రం బ్యాచ్, విజయవాడ
ఎవరికి: బీసెంట్ రోడ్డు, వన్ టౌన్ షాపుల్లో కౌంటర్ దగ్గర పనిచేసేవాళ్లకి
సమయం: ఒక గంట. పార్ట్ డి ఇంటి దగ్గర చేసుకురండి.

దసరా రద్దీ దగ్గరికొచ్చేసింది. ఇంద్రకీలాద్రి మీద దర్శనం చేసుకుని దిగినవాళ్లు చాలామంది బీసెంట్ రోడ్డుకో, వస్త్రలతకో వస్తారు. వాళ్లలో తెలుగు రానివాళ్లూ ఉంటారు. అందుకని ఈసారి వాక్యాలన్నీ మీ కౌంటర్ దగ్గర రోజూ వినపడేవే తీసుకున్నాను. ఇంగ్లీషు కూడా తెలుగు లిపిలోనే రాశాను. పైకి చదవండి, నోరు తిరుగుతుంది.

వాక్యం చదవగానే పెన్ను పట్టుకోవద్దు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారో ముందు చూడండి. అదే చోట, అదే పనికి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఏమంటారో ఆలోచించి అది రాయండి.

చేసి చూపించినవి

మనిషి షాపులో అడుగు పెట్టగానే మీరనే మాట: "ఏం కావాలండీ?"
మాటకి మాట పెడితే: వాట్ డూ యూ వాంట్?
అనాల్సింది: హౌ కెన్ ఐ హెల్ప్ యూ?

మన వాక్యంలో మర్యాదంతా 'అండీ'లో ఉంది. ఇంగ్లీషులో అలా చివర తగిలించే ముక్క లేదు. 'మేడమ్' అని చేర్చినా 'వాట్ డూ యూ వాంట్' విసుక్కున్నట్టే వినపడుతుంది. అక్కడ మర్యాద వాక్యం మొదట్లోనే వచ్చేయాలి: కెన్ ఐ, కుడ్ యూ, వుడ్ యూ లైక్. ఈ మూడూ నోటికి వస్తే మీ పని సగం అయినట్టే. ఇదే వాక్యాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చేటప్పుడు "నేను మీకు ఎలా సహాయపడగలను?" అని రాయకండి. ఏ షాపులోనూ ఎవరూ అలా అనరు. "ఏం కావాలండీ?" అంటే చాలు, అందులో అంతా ఉంది.

"బోణీ బేరమమ్మా, కాదనకండి."
బోణీకి సరిపడే ఇంగ్లీషు మాట కోసం వెతకొద్దు. ఎదుటి మనిషికి తెలియాల్సింది చెప్పండి: యూ ఆర్ మై ఫస్ట్ కస్టమర్ టుడే, సో ఐ విల్ గివ్ యూ ఎ గుడ్ ప్రైస్. ఎందుకలా అని అడిగితే: వుయ్ బిలీవ్ ది ఫస్ట్ సేల్ బ్రింగ్స్ లక్ ఫర్ ది హోల్ డే. ఒక్క తెలుగు మాటకి రెండు ఇంగ్లీషు వాక్యాలు పట్టినా తప్పు లేదు.

పార్ట్ ఎ: ఇంగ్లీషులోకి మార్చండి

1. కూర్చోండి, మంచినీళ్లు తాగుతారా?
2. ఈ చీర రంగు పోదండీ, నాదీ పూచీ.
3. మాది ఒకటే రేటు, బేరం లేదండీ.
4. ఈ రంగు మీకు బాగా నప్పుతుంది.
5. జాకెట్టు ముక్క చీరలోనే ఉంది.
6. చిల్లర లేదండీ, స్కాన్ చేస్తారా?
7. ఓనరు గారు భోజనానికి వెళ్లారు, ఇప్పుడే వచ్చేస్తారు.
8. కరెంటు పోయింది, ఒక్క నిమిషం ఆగండి.
9. మళ్లీ రండి.

ఏడో దానిలో 'జస్ట్ నౌ' వాడొద్దు. అది ఇంతకుముందే జరిగిపోయిన పనికి చెప్పేది. మన 'ఇప్పుడే' మాత్రం వెనక్కీ ముందుకీ రెండు వైపులా పనిచేస్తుంది. తొమ్మిదో దానికి 'కమ్ అగైన్' అని రాయాలనిపిస్తుంది. ఒట్టిగా ఆ రెండు మాటలే అంటే, ఇంగ్లీషులో చాలాచోట్ల "ఏమన్నారు, ఇంకోసారి చెప్పండి" అని అర్థం. బిల్లు కట్టి వెళ్తున్న మనిషితో అలా అంటే నిలబడిపోతారు.

పార్ట్ బి: తెలుగులోకి మార్చండి

1. ఐ యామ్ జస్ట్ లుకింగ్, థాంక్యూ.
2. కెన్ యూ డూ ఎనీ బెటర్ ఆన్ ది ప్రైస్?
3. ది శారీ ఐ బాట్ హియర్ లాస్ట్ ఇయర్ ఈజ్ స్టిల్ లైక్ న్యూ.
4. ది షాప్ విల్ బీ క్లోజ్డ్ టుమారో.
5. వుయ్ విల్ థింక్ ఎబౌట్ ఇట్ అండ్ కమ్ బ్యాక్.
6. దిస్ ఈజ్ ఫర్ మై అంకుల్స్ డాటర్స్ వెడ్డింగ్.

నాలుగో వాక్యం జాగ్రత్త. "మూసివేయబడును" అని బోర్డుల మీద కనిపిస్తుంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. పక్క షాపు కుర్రాడితో మీరు ఏమంటారో అదే రాయండి. మూడో దానిలో "నేను ఏ చీరైతే కొన్నానో ఆ చీర" అని సాగదీయక్కర్లేదు. 'కొన్న చీర' అనే సదుపాయం మనకుంది.

అయిదోదానిలో 'వుయ్' అంటే మేమా, మనమా? ఆ మాట అంటున్నది మీతో కాబట్టి తేల్చుకోవడం కష్టం కాదు. ఆరోది మాత్రం కష్టమే. అంకుల్ అంటే పెదనాన్నా, బాబాయా, మామయ్యా? ఆ అమ్మాయి చెల్లెలి వరసా, మరదలి వరసా? వాక్యంలో లేదు. షాపులో అయితే నోరు తెరిచి అడగండి, ఎలాగూ పెళ్లి ఎవరిదో మాట్లాడుకుంటారు. కాగితం మీద అడగడం కుదరదు కాబట్టి ఒక వరస అనుకుని, ఏది అనుకున్నారో పక్కన రాయండి.

పార్ట్ సి: 'ఎన్నో' అని అడిగేవి

మనం అలవోకగా అడిగే ఈ ప్రశ్నని ఇంగ్లీషులో ఒకే అచ్చులో పోయలేం. ప్రతిసారీ వేరే దారి వెతకాలి.

1. మీ పాప ఎన్నో తరగతి?
2. దసరాలో ఇవాళ ఎన్నో రోజు?
3. మీ ఇంట్లో పిల్లల్లో మీరు ఎన్నోవారు?

మూడోది: ఆర్ యూ ది ఎల్డెస్ట్? అవునంటే సరే. కాదంటే వాళ్లే చెప్తారు, ఐ యామ్ ది సెకండ్ ఆఫ్ ఫోర్ అని. మిగతా రెండూ మీరే చేయండి. రెండింటికీ 'విచ్'తో మొదలుపెట్టొచ్చు.

పార్ట్ డి: ఇంటి దగ్గర

ఇంగ్లీషులోకి మార్చండి.

"మంగళగిరి చీరంటే మా అమ్మకి ప్రాణం. గుంట మగ్గం మీద నేసిన నూలు చీర. ఒళ్లంతా సాదాగా ఉండి అంచుకి మాత్రం జరీ ఉంటుంది. ఎండాకాలం కట్టుకుంటే ఒంటికి హాయి, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలోనే ఊరు. పొద్దున్నే బయల్దేరి పానకాల స్వామి దర్శనం చేసుకుని, చీర కొనుక్కుని, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు."

'ప్రాణం'కి 'లైఫ్' అని పెట్టకండి, ఆవిడకి ఎంత ఇష్టమో చెప్పండి. స్వామి పేరు అలాగే ఉంచి, బెల్లం పానకం నైవేద్యం పెడతారని ఒక చిన్న వాక్యం మీరే కలపండి. తెలియనివాళ్లకి ఆ పేరు అప్పుడు అర్థమవుతుంది.

జవాబులు (మీరు రాశాకే చూడండి)

ఎ: 1. ప్లీజ్ హ్యావ్ ఎ సీట్. వుడ్ యూ లైక్ సమ్ వాటర్? 2. ది కలర్ వోంట్ ఫేడ్, ఐ గ్యారంటీ ఇట్. 3. సారీ, వుయ్ హ్యావ్ ఫిక్స్‌డ్ ప్రైసెస్. 4. దిస్ కలర్ రియల్లీ సూట్స్ యూ. 5. ది బ్లౌజ్ పీస్ కమ్స్ విత్ ది శారీ. 6. సారీ, ఐ డోంట్ హ్యావ్ చేంజ్. కుడ్ యూ స్కాన్ అండ్ పే? 7. ది ఓనర్ ఈజ్ అవుట్ ఫర్ లంచ్. హీ విల్ బీ బ్యాక్ సూన్. 8. ది పవర్ ఈజ్ అవుట్. జస్ట్ ఎ మినిట్, ప్లీజ్. 9. థాంక్యూ, హోప్ టు సీ యూ అగైన్.

బి: 1. ఊరికే చూస్తున్నానండీ. 2. ఇంకేమైనా తగ్గిస్తారా? 3. పోయినేడు ఇక్కడ కొన్న చీర ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. 4. రేపు షాపు సెలవు. 5. ఆలోచించుకుని మళ్లీ వస్తాం. 6. మా బాబాయి కూతురి పెళ్లికండీ.

మీ జవాబు వీటితో అక్షరం అక్షరం కలవకపోతే కొట్టేయకండి. పక్కన కూర్చున్నవాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు కస్టమర్ అనుకుని బదులివ్వాలి. తడుముకోకుండా బదులొస్తే మీది ఒప్పే. సి, డి జవాబులు సోమవారం క్లాసులో అందరం కలిసి దిద్దుకుందాం.