కుటుంబ కారణాలపై బదిలీ కోరుతూ వినతి

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారములు. నేను 2017 జూలై నుంచి ప్రస్తుత ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. డెబ్బై ఒకటేళ్ల మా అమ్మగారికి గత నవంబరులో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు స్వాధీనం తప్పాయి. నాన్నగారు లేరు, నాకు తోబుట్టువులూ లేరు కనుక ఆమె బాధ్యత పూర్తిగా నాదే. ఆమె ఉంటున్న పట్టణం ఇక్కడికి 140 కిలోమీటర్లు. శనివారం బడి వదలగానే బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి తిరుగు బస్సు పట్టుకుని ప్రార్థన వేళకు చేరుకుంటున్నాను. మధ్యలో మందులిచ్చేది పొరుగువారే. గత నెల ఒకే మాత్ర రెండుసార్లు పడి ఆమెను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. సాయం చేస్తున్నవారిని తప్పుపట్టలేను.

కావున ఆ పట్టణంలోగానీ, రోజూ వెళ్లి రాగల దూరంలోగానీ ఖాళీ ఉన్న ఏ పాఠశాలకైనా నన్ను బదిలీ చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పదో తరగతి విద్యార్థులు నష్టపోకుండా పబ్లిక్ పరీక్షలు ముగిశాకే రిలీవ్ కావడానికి సిద్ధంగా ఉన్నాను.

న్యూరాలజిస్టు ధ్రువపత్రం, రెండు డిశ్చార్జి సమ్మరీలు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, సర్వీసు రిజిస్టరు నకలు జతచేసి, ప్రధానోపాధ్యాయుల సిఫారసుతో ఈ వినతిని సమర్పించుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
స్కూల్ అసిస్టెంట్ (గణితం)