ఫోన్‌ల పుస్తకం చదువుకుందాం రాండ్రి

అందరికి నమస్తే. వెనుక కూసున్నోళ్లు జర ముందుకు రాండ్రి, ఈ ఫ్యాన్ల చప్పుడుకు నా మాట ఇనపడదు. రోజు పొద్దుగాల పేపర్ కోసం మన లైబ్రరీకి వచ్చేటోళ్లే మీరంత, ఒక్క పేపర్‌కు నలుగురు కాసుకొని కూసునుడు నేను చూస్తనే ఉన్న.

ఫోన్ల చదువొచ్చు అంటే మొన్న ఒక రిటైర్డ్ సార్ అడిగిండ్రు, ఉత్తగ ఎవలిస్తరమ్మా, పైసలు పోతయేమో అని. అడగాల్సిన మాటనే అది. చూడుండ్రి, మన దేశంల రచయిత పోయినంక 60 ఏండ్లకు ఆయన పుస్తకాల మీద కాపీరైట్ పోతది, అప్పుడు ఎవరన్న ఇంటర్నెట్ల పెట్టొచ్చు ఎవరన్న చదువొచ్చు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1953ల పోయిండ్రు, ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఇప్పుడు తెలుగు వికీసోర్స్ అనే సైటుల ఉంది. మన దగ్గరున్న కాపీ పేజీ తిప్పితే పొడి రాలుతది, అందుకే నేను బయటికి ఇయ్య, ఫోన్లనైతే ఎంతమందైన ఒకేసారి చదువుకోవచ్చు. దానికి యాప్ కూడ అక్కర్లేదు, te.wikisource.org అని కొడితే చాలు.

ఇంకోటి నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు నడిపిస్తరు, ప్లే స్టోర్ల NDLI అని వెతకండ్రి. అందుల పుస్తకాలు, పాఠాలు, వీడియోలు అన్ని కలగలిసి ఉంటయి, మొదలు జర ఆగమైతరు, అందుకే వెతికేటప్పుడు భాష తెలుగు అని ఎంచుకోండ్రి. కొన్ని పుస్తకాలు పాతయి స్కాన్ చేసినయి, రెండు వేళ్లతోటి పెద్దగ చేస్తే లైను పక్కకు పోతది, అప్పుడు ఫోన్‌ను అడ్డంగ పట్టుకోండ్రి, అక్షరం పెద్దగైతది, లైను కూడ పూరా కనపడ్తది. అక్షరాలు మొత్తం చిన్నగ అనిపిస్తే సెట్టింగ్స్‌ల డిస్‌ప్లేల ఫాంట్ సైజ్ ఉంటది, పెంచుకోండ్రి.

మనుమలు మనుమరాండ్లు ఉన్నోళ్లు స్టోరీవీవర్ చూడుండ్రి, ప్రథమ్ బుక్స్ వాళ్లది, బొమ్మల కథలు తెలుగుల మస్తుగున్నయి. గూగుల్ రీడ్ అలాంగ్‌ల అయితే పిల్లలు బయటికి చదువుతుంటే ఫోన్ ఇంటది, తప్పు చదివితే చెప్తది. పిల్లల కోసమని డౌన్‌లోడ్ చేసి, ఇంగ్లీష్ కథలు పెట్టి మీరే చదివినా ఎవలు అడ్డం రారు. నాకైతే అదే మంచిగనిపిస్తది.

ఇగ ఒక్క మాట గట్టిగ చెప్తున్న. కథ చదివేదానికి బ్యాంకు ఖాతా నంబర్, బ్యాంకు ఓటీపీ ఏ యాప్‌కు అక్కర్లేదు. అడిగితే అక్కడికక్కడే తీసెయ్యండ్రి. వాట్సాప్ల వచ్చిన లింకు నొక్కి యాప్ ఎక్కించుకోవద్దు, ప్లే స్టోర్ల కెళ్లే తీసుకోవాలె.

ఇంటర్నెట్ ప్యాకేజీ అయిపోతదని భయమైతే చదువుడుకు డేటా జరంతనే పోతది, వీడియోలకే ఎక్కువ. ఇప్పుడు అందరు ఫోన్లు బయటికి తీయుండ్రి, అద్దాలు పెట్టుకోండ్రి, పెద్దమ్మా నీ ఫోన్ ఇటు తే, ముందుగాల నీదాంట్లనే ఎక్కిద్దాం.