ఇంటి తాళాల అప్పగింత, చివరి మీటరు రీడింగుల పత్రం

తేదీ: 2025 ఆగస్టు 31, ఆదివారం

బాబాయిగారికి, పిన్నిగారికి నమస్కారాలు.

2022 జూన్ 1 నుంచి మేము అద్దెకుంటున్న మీ ఇంటి మొదటి అంతస్తు, తూర్పు వైపు వాటా, ఈ రోజు ఖాళీ చేసి మీకు అప్పగిస్తున్నాను. సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు మీరూ నేనూ కలిసి కిందికి వెళ్లి రెండు మీటర్లూ చూశాం. 6 గంటల 10 నిమిషాలకు తాళంచెవులు మీ చేతికిచ్చాను. మధ్యలో ఏం చూశామో, ఏం అనుకున్నామో అంతా ఇందులో రాస్తున్నాను. ఒకటే పత్రం రెండు ప్రతులు. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర.

"మన మధ్య కాగితాలెందుకు బాబూ" అని మీరన్నారు. మీ మీద నమ్మకం లేక రాయడం లేదని అప్పుడే చెప్పాను. ఇంతకు ముందున్న ఇంట్లో మేము ఖాళీ చేసిన రోజు మీటరు ఎవరూ చూడలేదు. రెండు నెలల తర్వాత మా పేరు మీద బాకీ అంటూ ఫోను వచ్చింది. మా తర్వాత దిగినవాళ్లు వాడిన రోజులు కూడా ఆ బిల్లులోనే ఉన్నాయి. ఎన్ని యూనిట్ల దగ్గర మేము ఆపామో చెప్పడానికి మా దగ్గరా ఏమీ లేదు, వాళ్ల దగ్గరా ఏమీ లేదు. మూడేళ్ల మంచి మాట ఒక్క ఫోనుతో పోయింది. మీతో అలా జరగకూడదనే ఈ కాగితం.

ముందు కరెంటు సంగతి. కింద బోర్డులో నాలుగు మీటర్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి మొదట మీటరు నంబరు సరిచూశాం. మనది 4071862, ఎడమ నుంచి రెండోది. బిల్లు మీద ఉన్న నంబరూ ఇదే. ఆ మీటరు తెర కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉంటుంది. తేదీ, సమయం, kVAh, గరిష్ఠ లోడు, ఇలా వరసగా వస్తాయి. మనకు బిల్లు వేసేది kWh మీద. అందుకే బటన్ నొక్కుతూ kWh అని కనిపించేదాకా ఆగి, అప్పుడు రాసుకున్నాం.

చేరిన రోజు: 18,462
చివరి బిల్లు, 2025 ఆగస్టు 12: 24,838
ఈ రోజు, సాయంత్రం 5.20: 24,917.6

చుక్క తర్వాత అంకె బిల్లులోకి రాదు కనుక 24,917 అనే తీసుకున్నాం. అంటే ఆగస్టు 12 తర్వాత మేము వాడింది 79 యూనిట్లు. చివరి వారం ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను, అందుకే మామూలు కన్నా తక్కువ. ఆగస్టు 12 వరకు వచ్చిన బిల్లులన్నీ కట్టేశాం. రసీదులు మీ ఫోనుకి పంపాను.

ఈ 79 యూనిట్లకు విడిగా బిల్లు రాదు. వచ్చే నెల బిల్లులో కొత్తగా దిగేవాళ్ల వాడకంతో కలిసే వస్తుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే పద్ధతి కాబట్టి, రెండు కుటుంబాల యూనిట్లూ ఒకే బిల్లులో పడితే మొత్తం పై శ్లాబులోకి వెళ్లే అవకాశం ఉంది. మా వాటా ఎంత అనేదే రేపు పేచీ అవుతుంది. అందుకే ఇప్పుడే అనుకున్నాం: బిల్లు మొత్తంలో స్థిర చార్జీ పక్కన పెట్టి, మిగిలినదాన్ని మొత్తం యూనిట్లతో భాగించి, వచ్చిన దాన్ని 79తో హెచ్చవేస్తే వచ్చేది మాది. స్థిర చార్జీ రోజుల లెక్కన, 19 రోజులకు. మీరు బిల్లు ఫోటో పంపిన మూడు రోజుల్లో నేను పంపించేస్తాను. డిపాజిట్‌లో పట్టుకోనక్కర్లేదని మీరే అన్నారు, అందుకు కృతజ్ఞుణ్ణి.

రీడింగు రాసుకున్నాక ఇంకొకటి చూశాం. ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ అన్నీ ఆపేసినా మీటరు మీద ఎర్ర లైటు ఆగలేదు. వాచీ పట్టుకుని చూస్తే రెండు నిమిషాలకోసారి ఒక్క మినుకు. మీటరు మీద యూనిట్‌కు 3200 మినుకులు అని రాసి ఉంది. లెక్క వేస్తే 9 వాట్ల బల్బు ఎక్కడో వెలుగుతున్నట్టు. మెట్ల మీద లైటు! దాని స్విచ్ నొక్కగానే మినుకు ఆగిపోయింది. ఆ లైటు ఇన్నాళ్లూ మా మీటరుకే కలిసి ఉందని ఇద్దరికీ ఈ రోజే తెలిసింది. గడిచినదానికి నేనేమీ అడగను. రాత్రిపూట మెట్లెక్కేటప్పుడు ఆ వెలుగు మాకూ పనికొచ్చింది. కొత్తవాళ్లు దిగేలోపు దాన్ని కామన్ మీటరుకు మార్పిస్తానని మీరన్నారు, ఆ మాట ఇక్కడ రాస్తున్నాను. తర్వాత మెయిన్ స్విచ్ కిందికి దించాం. ఆ మీటరు మీద ఏ లైటూ మినుకుమనడం లేదు.

నీళ్ల మీటరు దగ్గర ఎక్కువసేపు పట్టింది. మీటరు నంబరు 215530, మెట్ల కింద గూట్లో. అద్దం మీద మట్టి పేరుకుపోయి ఉంటే మీరే తువాలుతో తుడిచారు. నల్ల అంకెలు ఘనపు మీటర్లు, అంటే ఒక్కోటి వెయ్యి లీటర్లు. ఎర్ర అంకెలు లీటర్లు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా మధ్యలో చిన్న చక్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. వేలితో చూపించింది మీరే. అప్పుడు ఎర్ర అంకెలు 380. పది నిమిషాలు నిలబడి చూస్తే 384 అయింది. అంటే గంటకు 24 లీటర్లు, రోజంతా లెక్కేస్తే 576 లీటర్లు ఎవరూ వాడకుండానే పోతున్నాయి.

పైకెళ్లి వెతికితే వెనక బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు లోపల వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. చప్పుడు లేకుండా గోడవారగా సన్నని ధార కమోడ్‌లోకి దిగుతోంది. టిష్యూ కాగితం అంటిస్తే తడిసింది, లేకపోతే కంటికి కనిపించేది కాదు. కింద ఉన్న యాంగిల్ వాల్వు తిప్పి కట్టేశాను. మీరు కింద నుంచి "ఆగిందీ" అని కేక వేశారు. ఆ తర్వాత అయిదు నిమిషాలు చూశాం, చక్రం కదల్లేదు.

చేరిన రోజు: 612
చివరి బిల్లు, 2025 ఆగస్టు 5: 1,192
ఈ రోజు, చక్రం ఆగాక: 1,204.386

ఆగస్టు 5 తర్వాత 12 ఘనపు మీటర్ల 386 లీటర్లు. ఆ ధార ఎప్పుడు మొదలైందో చెప్పలేం. మేము ఉండగా తిరిగిన మీటరు కాబట్టి ఆ నీళ్ల ఖర్చు మొత్తం మాదే, కరెంటు బిల్లు పద్ధతిలోనే కడతాను. వాల్వు రబ్బరు పాతబడి అరిగిపోయింది కనుక అది మార్పించడం మీ వైపు నుంచి. అప్పటిదాకా ఆ యాంగిల్ వాల్వు ఎవరూ తెరవకూడదు. మరిచిపోకుండా ట్యాంకు మూత మీద చీటీ అంటించి వచ్చాను.

ఇక తాళంచెవులు. మెయిన్ డోరు చెవులు నాలుగు. మీరిచ్చినవి మూడు, నాలుగోది మేము చేయించుకున్న డూప్లికేటు. అది ఇన్నాళ్లూ ఇంట్లో పనిచేసే ఆవిడ దగ్గర ఉండేది, నిన్న తిరిగి తీసుకున్నాను. ఇవి కాక మా వల్ల ఇంకెక్కడా, ఎవరి దగ్గరా ఈ ఇంటి చెవి లేదు. గ్రిల్ తాళం ఒకటి, దాని చెవులు రెండు. బెడ్‌రూం తలుపులవి రెండేసి చొప్పున నాలుగు. డాబా తలుపుది ఒకటి, మీటరు బోర్డు పెట్టెది ఒకటి, ఉత్తరాల డబ్బాది ఒకటి. గేటు రిమోటు ఒకటి, నొక్కి చూపించాను, పనిచేస్తోంది. చిన్న గది బీరువా చెవి 2023లో పోయింది. మీకు అప్పుడే చెప్పాను. గత వారం ఆ తాళమే కొత్తది వేయించి, దాని చెవులు రెండూ ఈ గుత్తిలోనే కలిపాను. మొత్తం చెవులు 15, రిమోటు 1. ప్రతి తాళంలోనూ చెవి పెట్టి తిప్పి చూశాకే మీరు తీసుకున్నారు.

రెండు మీటర్లకూ నంబరు, రీడింగు ఒకే ఫోటోలో పడేలా తీసి, అక్కడే నిలబడి మీ వాట్సాప్‌కు పంపాను. వచ్చాయని మీరు ఫోను తెరిచి చూపించారు.

ఈ రోజు సాయంత్రం 6.10 తర్వాత ఈ రెండు మీటర్లలో పెరిగే ఏ అంకెకూ, ఈ తాళాలకూ మాకు సంబంధం ఉండదు. అంతకు ముందుది ప్రతిదీ మాదే.

మీ పాత అద్దెదారు
(సంతకం), 2025 ఆగస్టు 31, సాయంత్రం 6.25

ఇంటి యజమాని ధ్రువీకరణ

బాబూ, నువ్వు రాసిందంతా కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీ పిన్ని పక్కనుండి ఫోటోలతో సరిచూసింది. కరెంటు రీడింగు నువ్వు ముందు 24,971 అని రాశావు. ఫోటోలో 24,917 ఉంది. ఆ రెండంకెలు తారుమారైతే నీ మీద 54 యూనిట్లు అదనంగా పడేవి. రెండు ప్రతుల్లోనూ తప్పు కొట్టేసి, సరైనది పక్కన రాసి, ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం.

కరెంటు 24,917, నీళ్లు 1,204.386. రెండూ నా కళ్లతో చూసి ఒప్పుకుంటున్నాను. చెవులు 15, రిమోటు 1 అందాయి. బిల్లు రాగానే ఫోటో పంపుతాను, పైన రాసిన లెక్క ప్రకారమే తీసుకుంటాను. మెట్ల లైటు మార్చడం, ఫ్లష్ వాల్వు వేయించడం నా బాధ్యత. ఇంతకు మించి మీటర్ల విషయంలో గానీ తాళాల విషయంలో గానీ నీ నుంచి నాకు రావలసిందేమీ లేదు.

ఇంటి యజమాని
(సంతకం), 2025 ఆగస్టు 31, సాయంత్రం 6.40