పిస్టన్ లేచేవరకు Cv, లేచాక Cp: ఒక సిలిండర్ లెక్క

ప్రశ్న

నమస్తే సర్. హోంవర్క్‌లో మూడో లెక్క దగ్గర ఆగిపోయాను. సిలిండర్‌లో 2 మోల్‌ల నైట్రోజన్ ఉంది, 300 K, 1 అట్మాస్ఫియర్. పైన బరువులు పెట్టిన పిస్టన్ లోపలి అంచు మీద ఆని ఉంది. లోపలి పీడనం 1.1 అట్మాస్ఫియర్‌కి చేరితేనే అది లేస్తుంది. వాయువుకు 1455 జౌళ్ల వేడి ఇస్తే చివరి ఉష్ణోగ్రత ఎంత అని అడిగారు. Cv = 20.8, Cp = 29.1 J/mol·K అని ఇచ్చారు. కొంతసేపు పిస్టన్ కదలదు, కొంతసేపు కదులుతుంది కాబట్టి రెండిటి సగటు 24.95 తీసుకున్నాను. 29.2 డిగ్రీలు పెరిగింది. జవాబు కలవలేదు. ఇంకో సందేహం కూడా ఉంది సర్. స్థిర పీడనం దగ్గర కూడా ΔU = nCvΔT అనే రాయమన్నారు. ఘనపరిమాణం మారుతుంటే అక్కడికి Cv ఎలా వస్తుంది?

జవాబు

చూడమ్మా, చివరి ఉష్ణోగ్రత 333.6 K, అంటే సుమారు 60.4 డిగ్రీల సెల్సియస్. పెరుగుదల 33.6 డిగ్రీలు. రెండు దశలున్నాయని నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, సగం పని అక్కడే అయిపోయింది. సగటు తీసుకోవడం దగ్గరే తప్పు జరిగింది. ఇచ్చిన వేడి రెండు దశలకూ సమానంగా పంచుకోలేదు. ఎంత వేడి దేనికి పోయిందో విడిగా చూడాలి.

లెక్కలోకి వెళ్లేముందు ఒక సిరంజిని ఊహించుకో. ల్యాబ్‌లో ఉండే 100 మిల్లీలీటర్ల గాజు సిరంజి. అందులో 50 గీత దాకా గాలి లాగి, ముక్కును గట్టిగా మూసి, 80 డిగ్రీల నీళ్లలో ముంచాం అనుకో. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే, వేలితో చిన్నగా తడుతూ ఉంటే లోపలి కాడ మెల్లగా బయటికి జరుగుతుంది. 50 నుంచి 58 గీత దాకా. 353ని 303తో భాగించి 50తో గుణిస్తే వచ్చేది అదే. ఇప్పుడు అదే పని కాడను బొటనవేలితో 50 దగ్గరే నొక్కి పట్టుకుని చెయ్యి. కాడ అడ్డుకొలత 2.8 సెంటీమీటర్లైతే, వేలి మీద సుమారు ఒక కిలో బరువు పెట్టినంత తోపు తెలుస్తుంది.

మొదటిసారి గాలి బయటి వాతావరణాన్ని వెనక్కి నెట్టింది, అంటే పని చేసింది. ఆ పనికి కావలసిన శక్తి నువ్వు ఇచ్చిన వేడిలోంచే రావాలి. రెండోసారి వేలు అదిమి ఉంది కానీ కదల్లేదు, కాబట్టి పని సున్నా. వచ్చిన వేడంతా లోపలి అణువుల కదలికకే చేరింది. అందుకే ఒక్క డిగ్రీ పెంచడానికి కదిలే సిరంజికి ఎక్కువ వేడి కావాలి, బిగించిన దానికి తక్కువ చాలు. Cp పెద్దది, Cv చిన్నది కావడానికి కారణం ఇంతే. ఆదర్శ వాయువుకు ఆ తేడా మోల్‌కి సరిగ్గా R, అంటే 8.314. ఒక మోల్ వాయువు స్థిర పీడనంలో ఒక కెల్విన్ వేడెక్కితే చేసే పని PΔV, అది RΔTకి సమానం. ΔT ఒకటైతే మిగిలేది R.

ఈ తేడా నాకు చాలా ఇష్టమైన విషయం. హైల్‌బ్రాన్ అనే జర్మన్ ఊరి వైద్యుడు యూలియస్ రాబర్ట్ మేయర్ 1842లో సరిగ్గా దీన్నే పట్టుకున్నాడు. స్థిర పీడనంలో గాలికి అదనంగా పట్టే వేడి ఎక్కడికి పోతోంది? వాతావరణాన్ని పైకి ఎత్తడానికే అయితే, ఇంత వేడికి ఇంత పని అని లెక్క కట్టవచ్చు కదా అనుకున్నాడు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేసే ఉష్ణం, అంతే బరువును సుమారు 365 మీటర్లు ఎత్తే పనికి సమానమని తేల్చాడు. నేటి విలువ 427. అప్పట్లో వాయువుల విశిష్టోష్ణాల కొలతలు అంత కచ్చితంగా లేవు గానీ ఆలోచనలో లోపం లేదు. Cp − Cv = R అనే సంబంధాన్ని మేయర్ సంబంధం అంటాం. పరీక్ష కోసం బట్టీ పట్టే మూడక్షరాల వెనక ఉన్న ఆలోచన ఇది.

ఇక నీ రెండో సందేహం. నిజానికి నాకు ముఖ్యమైనది ఇదే. Cv అనే పేరు చూసి, ఘనపరిమాణం మారకపోతేనే అది వాడాలి అనుకుంటారు. వేడి విషయంలో ఆ మాట నిజం. Q = nCvΔT అనేది ఘనపరిమాణం స్థిరంగా ఉంటేనే చెల్లుతుంది. ΔU = nCvΔT మాత్రం ఆదర్శ వాయువుకు ఏ దారిలోనైనా చెల్లుతుంది. ఆదర్శ వాయువులో అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకోవు. అవి దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా శక్తిలో తేడా రాదు. అంతర్గత శక్తి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. కాబట్టి 300 K నుంచి 325 Kకి ఏ దారిన వెళ్లినా ΔU ఒక్కటే. దాన్ని కొలవడానికి అన్నిటికంటే తేలికైన దారి పిస్టన్ బిగించి వేడి చేయడం. అక్కడ పని ఉండదు, ఇచ్చిన వేడే ΔU అవుతుంది. ఆ దారిలో కొలిచిన విలువనే మిగతా దారులన్నిటికీ వాడుకుంటున్నాం.

ఇప్పుడు లెక్క. ముందుగా రెండు సులువైన సందర్భాలు చూద్దాం. నీ జవాబు వాటి మధ్యే ఉండాలి.

పిస్టన్ పూర్తిగా బిగించి ఉంటే:

ΔT = Q/(nCv) = 1455/(2 × 20.8) = 35.0 K

ఉష్ణోగ్రత 335 K, పీడనం 335/300 అట్మాస్ఫియర్లు, అంటే దాదాపు 1.12.

పిస్టన్ 1 అట్మాస్ఫియర్ దగ్గర మొదటి నుంచీ స్వేచ్ఛగా కదిలితే:

ΔT = Q/(nCp) = 1455/(2 × 29.1) = 25.0 K

ఇందులో ΔU = 2 × 20.8 × 25 = 1040 జౌళ్లు. మిగిలిన 415 జౌళ్లు పనికి పోయాయి. మొదటి ఘనపరిమాణం 49.2 లీటర్లు, చివరిది 53.3. ఆ 4.1 లీటర్ల పెరుగుదలను 1.013 × 10⁵ పాస్కల్‌తో గుణించినా అదే 415 వస్తుంది. ఒకసారి చేసి చూసుకో, నమ్మకం కుదురుతుంది.

నీ 29.2 కూడా 25కీ 35కీ మధ్యే ఉంది. కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే నీ తప్పును పట్టించేది కాదు. దశల వారీగా వేడిని పంచాల్సిందే.

మొదటి దశలో పిస్టన్ అంచు మీదే ఉంది, ఘనపరిమాణం మారలేదు. పీడనం 1 నుంచి 1.1కి చేరాలంటే ఉష్ణోగ్రత కూడా అదే నిష్పత్తిలో 300 నుంచి 330కి చేరాలి. దానికి పట్టే వేడి:

Q₁ = nCvΔT = 2 × 20.8 × 30 = 1248 J

ఇక్కడ తప్పకుండా ఒక్క క్షణం ఆగు. మన దగ్గర 1455 ఉంది, అది 1248 కంటే ఎక్కువ. అంటే పిస్టన్ లేస్తుంది. ఈ పోలిక చూడకుండా రెండో దశకి వెళ్లకూడదు.

మిగిలింది 1455 − 1248 = 207 జౌళ్లు. ఇప్పటినుంచి పీడనం 1.1 దగ్గర నిలకడగా ఉంటుంది. అది 1 కాదు కదా, Cp మారదా అని అడుగుతావేమో. ఆదర్శ వాయువుకు Cp పీడనం మీద ఆధారపడదు. పీడనం ఎంత అన్నది కాదు, మారుతోందా లేదా అన్నదే ముఖ్యం.

ΔT₂ = 207/(2 × 29.1) = 3.56 K

చివరికి 330 + 3.56 = 333.56 K. మొత్తం వేడిలో 1248 జౌళ్లు, అంటే చాలా భాగం, పిస్టన్ కదలకముందే ఖర్చయింది. అందుకే జవాబు 35కి దగ్గరగా వచ్చింది. సగటు తీసుకుంటే ఈ సంగతి కనబడకుండా పోతుంది.

సరిచూసుకోవడానికి ΔU మొత్తానికి ఒకేసారి కట్టు, దశలతో పని లేదు: 2 × 20.8 × 33.56 = 1396 జౌళ్లు. 1455లోంచి తీసేస్తే 59. పని జరిగింది రెండో దశలోనే కాబట్టి నేరుగా nRΔT₂ = 2 × 8.314 × 3.56 = 59 జౌళ్లు. రెండూ కలిశాయి. ఘనపరిమాణం మారిన లెక్కలోనూ Cv ఎందుకు పనికొచ్చిందో ఇక్కడ నీ కళ్లముందే ఉంది.

ఒక జాగ్రత్త చెప్తాను, ఏటా ఎవరో ఒకరు పడే గుంట ఇది. ఆర్గాన్ లాంటి ఏకపరమాణుక వాయువుకు Cv 12.5, Cp 20.8. నైట్రోజన్ Cvయే ఆర్గాన్ Cp. రెండూ 5R/2 కావడంతో ఇలా వచ్చింది. 20.8 అనే అంకె కనిపించగానే ఇది Cv అని తేల్చేయకు, ముందు ఏ వాయువో చూడు. అలాగే కొన్ని లెక్కల్లో గ్రాముకి విలువ ఇస్తారు. నైట్రోజన్‌కి 20.8ని 28తో భాగిస్తే గ్రాముకి 0.743. దాన్ని మోల్‌లతో గుణిస్తే ఉష్ణోగ్రత మార్పు వందల డిగ్రీలు వచ్చి కూర్చుంటుంది.

ఘన, ద్రవ పదార్థాల లెక్కల్లో ఈ గొడవ ఎందుకు లేదంటే, అవి వేడికి పెద్దగా వ్యాకోచించవు. నీటికి 25 డిగ్రీల దగ్గర Cp 75.3, Cv సుమారు 74.5. తేడా ఒక శాతమే. 4 డిగ్రీల దగ్గర నీరు వ్యాకోచించడం ఆగిపోతుంది కాబట్టి అక్కడ ఆ కాస్త తేడా కూడా ఉండదు.

ఇప్పుడు నువ్వు రెండు చెయ్యి. ఒకటి, ఇదే నైట్రోజన్, ఇదే 1455 జౌళ్లు, కానీ పిస్టన్ 1.2 అట్మాస్ఫియర్ దగ్గర లేస్తుంది. కాలిక్యులేటర్ తియ్యకముందే, పిస్టన్ అసలు లేస్తుందా లేదా చెప్పు. రెండు, సిలిండర్‌లో నైట్రోజన్ బదులు 2 మోల్‌ల ఆర్గాన్ ఉంటే నీ అసలు లెక్క మళ్లీ చెయ్యి. 347 K దగ్గర రావాలి. రాకపోతే, పిస్టన్ లేచే క్షణానికి ఎంత వేడి మిగిలిందో రాసిన వరుస దగ్గర వేలు పెట్టి కాగితం తీసుకురా, అక్కడినుంచి కలిసి చూద్దాం.